మేనేజర్ ‘చూద్దాం’ అన్న కోర్సు అభ్యర్థనను సంతకం పడే ప్రతిపాదనగా మార్చడం

ప్రశ్న: సిమెంటు ప్లాంటులో మెకానికల్ మెయింటెనెన్స్ ఇంజనీరుగా నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. వైబ్రేషన్ అనాలిసిస్ కేటగిరీ 2 కోర్సుకు కంపెనీ డబ్బు కట్టాలని మా మేనేజర్‌కు వాట్సాప్‌లో ఇలా పంపాను: “సార్, చెన్నైలో జూన్‌లో వైబ్రేషన్ కోర్సు ఉంది. ఐదు రోజులు. ఫీజు 62,000, జీఎస్టీ అదనం. చాలా మంచి కోర్సు సార్, నా కెరీర్‌కు ఎంతో ఉపయోగపడుతుంది, ప్లాంటుకు కూడా మంచిది. కంపెనీ స్పాన్సర్ చేస్తే బాగుంటుంది. బ్రోచర్ జత చేశాను.” ఆయన ‘చూద్దాం’ అన్నారు. రెండు నెలలు గడిచాయి. మా దగ్గర అనలైజర్ ఉంది, వాడటం వచ్చినవారు మానేశారు. హెల్పర్ వైబ్రేషన్ పెన్‌తో వారానికోసారి కొలతలు తీస్తాడు. బయటి ఏజెన్సీ రెండు నెలలకోసారి వచ్చి కొలతలు తీస్తుంది, ఒక్కో రాకకు 38,000. నవంబరులో ప్రీహీటర్ ఫ్యాన్ బేరింగ్ పోయి కిల్న్ 14 గంటలు ఆగింది. పద్ధతిగా ప్రతిపాదన రాసి ఇవ్వమని ఒక సీనియర్ సలహా ఇచ్చారు. ఎలా రాయాలి?

సమాధానం:

నేను మెకానికల్ మెయింటెనెన్స్‌లో 22 ఏళ్లు పనిచేశాను. అందులో తొమ్మిదేళ్లు ఇలాంటి అభ్యర్థనల మీద సంతకం చేసే కుర్చీలో కూర్చున్నాను. మీ మేనేజర్ ‘చూద్దాం’ అనడానికి కారణం ఆయనకు ఇష్టం లేకపోవడం కాకపోవచ్చు. లక్ష రూపాయలకు దగ్గరగా ఉన్న శిక్షణ ఖర్చును విభాగం మేనేజర్ ఒక్కడే మంజూరు చేయగల ప్లాంట్లు తక్కువ. ఆయన దాన్ని ప్లాంట్ హెడ్ దగ్గరకు, అక్కడి నుంచి హెచ్‌ఆర్‌కు, ఫైనాన్స్‌కు తీసుకువెళ్లాలి. మీ వాట్సాప్ సందేశంతో ఆయన అక్కడికి వెళితే మొదటి ప్రశ్నకే ఆగిపోతారు. “ఇతను ఇప్పుడు ఈ కోర్సు చేయకపోతే మనకు ఏమిటి నష్టం?” అని అడిగితే చెప్పడానికి ఆయన చేతిలో మీరు ఏమీ పెట్టలేదు. ఆ జవాబు ఆయనే వెతుక్కోవాలి, లెక్క ఆయనే వేయాలి, నోట్ ఆయనే రాయాలి. రోజూ పది బ్రేక్‌డౌన్లు చూసుకునే మనిషికి అంత తీరిక ఉండదు.

నా దగ్గరకు వచ్చిన ఒక అభ్యర్థన విషయంలో సరిగ్గా ఇలాగే జరిగింది. కుర్రవాడు సమర్థుడు, అడిగిన కోర్సూ సరైనదే. కానీ ఆ కాగితంలో అతని ఉత్సాహం తప్ప మరేమీ లేదు. వారాంతంలో కూర్చుని నోట్ రాద్దామనుకున్నాను. ఆ వారాంతం రానే లేదు. ఆరు నెలల తర్వాత అతను వేరే ప్లాంటుకు వెళ్లిపోయాడు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే చెబుతున్నాను: మీ మేనేజర్ ఒక్క మాట కూడా కలపకుండా పైకి పంపగలిగే కాగితం రాయండి. మీరు రాసేది ఆయనకే అయినా, అసలు చదివేది మిమ్మల్ని ఎన్నడూ చూడని ఫైనాన్స్ అధికారి.

రాయడానికి ముందు మూడు కాగితాలు సంపాదించండి. మొదటిది గత 12 నెలల్లో ఏజెన్సీకి చెల్లించిన బిల్లుల వివరం. పర్చేజ్ విభాగాన్ని అడిగితే ఇస్తారు. రెండోది నవంబరు బేరింగ్ వర్క్ ఆర్డర్, దానితో పాటు ఆ ఫ్యాన్ మీద అంతకు ముందు రెండు నెలలు తీసిన వారపు కొలతలు. మూడోది ఏజెన్సీతో ఉన్న ఒప్పందం నకలు. చాలామంది ఈ మూడోదాన్ని చూడరు, లెక్క తలకిందులయ్యేది అక్కడే. ఒప్పందంలో ఏడాదికి ఆరు రాకలు తప్పనిసరి అని ఉంటే, మీరు కోర్సు చేసి వచ్చినా ఆ ఏడాది ఒక్క రూపాయి కూడా మిగలదు. కొలతలు మీరు తీసినా ఏజెన్సీ వస్తుంది, బిల్లు ఇస్తుంది. ఫైనాన్స్‌లో ఎవరో ఒకరు ఆ ఒప్పందం తీసి చూస్తారు, ఆ క్షణమే మీ ప్రతిపాదన మీద నమ్మకం పోతుంది. చాలా చోట్ల ఇలాంటి ఒప్పందాలు ఏప్రిల్‌లో కొత్తగా రాసుకుంటారు. కాబట్టి మీరు అడగాల్సింది కోర్సు ఒక్కటే కాదు. కొత్త ఒప్పందాన్ని ‘రాకకు ఇంత’ అనే పద్ధతిలో, నెల ముందు చెబితే రాకలు తగ్గించుకునే వీలుతో రాయాలని కూడా అడగాలి. దీని వల్ల మీ కాగితానికి ఒక గడువు కూడా వస్తుంది. జనవరిలోనో ఫిబ్రవరి మొదట్లోనో ఇస్తే వచ్చే ఏడాది బడ్జెట్లోకి శిక్షణ ఖర్చు వెళుతుంది, ఒప్పందం మార్చడానికీ సమయం ఉంటుంది. మే నెలలో ఇస్తే రెండూ తప్పిపోతాయి.

ఇక నవంబరు బేరింగ్ సంగతి. అది మీ దగ్గరున్న అన్నిటికన్నా బలమైన విషయం, అన్నిటికన్నా సులువుగా పాడుచేసుకోగలిగేదీ అదే. చాలామంది ఇక్కడ 14 గంటలను గంటకు ఇన్ని టన్నుల క్లింకర్‌తో గుణించి, టన్ను ధరతో మళ్లీ గుణించి, కోటి దాటిన అంకె ఒకటి రాస్తారు. అలా రాయకండి. ప్రొడక్షన్ వాళ్లు వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది: ఆ రోజు క్లింకర్ సైలోలో నిల్వ ఎంత? నిల్వ ఉంటే సిమెంటు మిల్లులు ఆగలేదు, లారీలు ఆగలేదు, అమ్మకం పోలేదు. కిల్న్‌ను మళ్లీ వేడెక్కించడానికి అయిన బొగ్గు, బేరింగ్ ధర, అత్యవసరంగా పిలిపించిన మనుషుల ఖర్చు మాత్రమే నిజంగా పోయాయి. కోటి అని రాసిన మనిషి ఆ ప్రశ్నకు తడబడితే, మిగతా లెక్కలు సరైనవైనా ఎవరూ చదవరు.

దానికి బదులు ఆ ఫ్యాన్ కొలతలను చూపించండి. మీ దగ్గర వైబ్రేషన్ పెన్‌తో వారానికోసారి తీసే విలువ వైబ్రేషన్ మొత్తం వేగం, అంటే అన్ని కంపనాలూ కలిసిన ఒకే అంకె, సెకనుకు మిల్లీమీటర్లలో. ఉదాహరణకు బేరింగ్ పోవడానికి ముందు నాలుగు వారాల్లో 2.8, 3.1, 3.0, 3.4 అని ఉండి, మీ అలారం గీత 7.1 దగ్గర ఉందనుకుందాం. అంటే రిజిస్టర్ ప్రకారం ఫ్యాన్ ఆరోగ్యంగా ఉంది, అయిదో వారం ఆగిపోయింది. ఇక్కడ ఒక్క వాక్యంలో కారణం చెప్పాలి, ఫైనాన్స్ అధికారికి కూడా అర్థమయ్యేలా. బేరింగ్ బయటి రింగులో చిన్న పగులు వచ్చినప్పుడు దాని శబ్దం మొదట అధిక పౌనఃపున్యాల దగ్గర సన్నగా వినిపిస్తుంది, మొత్తం వేగం అంకెలో అది కలిసిపోయి కనిపించదు. దాన్ని విడదీసి చూపేది అనలైజర్ గీసే స్పెక్ట్రమ్. ఆ పరికరం మీ అల్మారాలోనే ఉంది. దాన్ని చదివేవారు లేరు. ‘నేను కోర్సు చేసి ఉంటే పట్టుకునేవాడిని’ అని మాత్రం రాయవద్దు. ఎవరూ ఆ హామీ ఇవ్వలేరు, కొన్ని పగుళ్లు రోజుల్లోనే పెరుగుతాయి. ‘ముందే పట్టుకునే అవకాశం ఉండేది’ అన్నది నిజం, ఆ మాత్రం చాలు.

కేటగిరీ 2 ఎందుకు, చవకైన కేటగిరీ 1 సరిపోదా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. దీనికి ఐఎస్ఓ 18436-2 ప్రమాణమే జవాబు చెబుతుంది. మొదటి స్థాయి వారు ముందే నిర్ణయించి ఇచ్చిన చోట్ల కొలతలు తీస్తారు, హద్దు దాటితే చెబుతారు. అది మీ హెల్పర్ పెన్‌తో ఇప్పటికే చేస్తున్న పనికి దగ్గరగా ఉంటుంది. రెండో స్థాయి వారు పరికరాన్ని సెట్ చేయగలరు, స్పెక్ట్రమ్ చదివి బేరింగ్, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ లాంటి సాధారణ దోషాలను గుర్తించగలరు. ఆ స్థాయికి 38 గంటల శిక్షణ, యంత్రాల వైబ్రేషన్ పనిలో 18 నెలల అనుభవం అడుగుతారు. మీ నాలుగేళ్లలో ఎంత లెక్కకు వస్తుందో శిక్షణ సంస్థను ముందే అడగండి. ఆ ప్రశ్న వచ్చినప్పుడు ఈ సంగతి ఒక్క వాక్యంలో చెబితే చాలు.

లెక్కకు వద్దాం. ఖర్చు వైపు ఫీజు 62,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 11,160. చెన్నైకి రానుపోను రైలు 3,000, ఆరు రాత్రుల బస 2,500 చొప్పున 15,000, భోజనం, స్థానిక ప్రయాణం రోజుకు 800 చొప్పున ఆరు రోజులకు 4,800 అనుకుందాం. మొత్తం చెల్లించాల్సింది 95,960 రూపాయలు. మీ అంకెలు వేరైతే మార్చుకోండి, కానీ ప్రయాణాన్నీ బసనూ దాచవద్దు. ఫీజు మాత్రమే రాసి, మంజూరయ్యాక టీఏ బిల్లు పెడితే ఆ చిరాకు మీ తర్వాత అడిగే ప్రతి ఒక్కరి మీదా పడుతుంది.

జీఎస్టీ విషయంలో మీకు ఒక మేలు ఉంది. సిమెంటు మీద పన్ను కట్టే కంపెనీ, తన పని కోసం పొందిన శిక్షణ మీద కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కు తీసుకోగలదు. అయితే బిల్లు కంపెనీ పేరుతో, కంపెనీ జీఎస్టీ నంబరుతో ఉండాలి. సీటు అయిపోతుందేమోనన్న భయంతో ముందే మీ కార్డుతో కట్టేసి, మీ పేరుతో రసీదు తెచ్చి రీయింబర్స్‌మెంట్ అడిగితే ఆ 11,160 కంపెనీకి పోయినట్టే. ఇలా జరగడం నేను చాలాసార్లు చూశాను. శిక్షణ సంస్థను ముందే ప్రొఫార్మా ఇన్‌వాయిస్ అడిగి, కంపెనీ పేరుతో తీసుకుని, ప్రతిపాదనకు అదే జత చేయండి. బ్రోచర్ అవసరం లేదు. కాబట్టి కంపెనీ మీద నికరంగా పడేది 84,800.

మిగులు వైపు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఏజెన్సీ ఏడాదికి ఆరుసార్లు వస్తుంది, 38,000 చొప్పున 2,28,000. ‘ఏజెన్సీయే అక్కర్లేదు’ అని రాస్తే అనుభవం ఉన్న ఏ ప్లాంట్ హెడ్డూ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. కొత్తగా సర్టిఫికెట్ తెచ్చుకున్న మనిషి ఒక్కడి తీర్పు మీద ప్రీహీటర్ ఫ్యాన్‌ను, మిల్లు గేర్‌బాక్సులను వదిలేయలేం. ఏడాదికి రెండు రాకలు ఉంచండి, మీ కొలతలను సరిచూడటానికి. తగ్గేవి నాలుగు, అంటే 1,52,000. అందులోంచి అనలైజర్ వార్షిక కాలిబ్రేషన్ ఖర్చు తీసేయాలి. దాన్ని 35,000 అనుకుంటే మిగిలేది ఏడాదికి 1,17,000, నెలకు 9,750. ఏజెన్సీ బిల్లుల మీది జీఎస్టీ కూడా కంపెనీకి వెనక్కు వచ్చేదే కాబట్టి రెండు వైపులా పన్ను తీసేసి పోల్చుతున్నాం. ఈ పోలిక సమంగా లేకపోతే ఫైనాన్స్ వారి కన్ను మొదట దాని మీదే పడుతుంది.

84,800ను 9,750తో భాగిస్తే సుమారు తొమ్మిది నెలలు. కానీ కోర్సు ముగిసిన మర్నాటి నుంచి మిగులు మొదలవదు. జులై నుంచి అక్టోబరు దాకా నాలుగు నెలలు మీరూ కొలతలు తీయండి, ఏజెన్సీ కూడా ఎప్పటిలాగే రావాలి. ఆగస్టు, అక్టోబరు రాకల్లో మీ నివేదికను, వారి నివేదికను పక్కపక్కన పెట్టి చూస్తారు. నవంబరు నుంచి రాకలు తగ్గుతాయి. ఆ నాలుగు నెలలూ కలిపితే పెట్టిన డబ్బు వెనక్కు రావడానికి 13 నెలలు. ఆ సమాంతర కాలాన్ని మీరే ప్రతిపాదించడం వల్ల మిగులు కాస్త ఆలస్యమవుతుంది, నిజమే. కానీ ‘ఇతను సరిగా చేస్తాడని ఏమిటి నమ్మకం’ అన్న ప్రశ్నకు మీరు నోటితో జవాబు చెప్పాల్సిన పని ఉండదు. రెండు నివేదికలు తేడాగా ఉంటే ఏజెన్సీ ఎప్పటిలాగే కొనసాగుతుంది. కంపెనీకి ఆ దారి తెరిచే ఉంటుంది.

పై లెక్కలో నవంబరు లాంటి ఆగుడును ఎక్కడా కలపలేదు, గమనించారు కదా. ఒక్క బ్రేక్‌డౌన్ కూడా తప్పకపోయినా 13 నెలల్లో డబ్బు వెనక్కు వచ్చే లెక్క ఇది. ఆ సంగతి చదివేవారికి వారంతట వారికే తట్టాలి. లెక్కకు పక్కన ఒక్క వాక్యం పెడితే తడుతుంది.

మీ సందేశంలో ‘నా కెరీర్‌కు ఎంతో ఉపయోగపడుతుంది’ అన్నారు. అందులో తప్పేమీ లేదు, అది నిజం కూడా. కానీ ప్రతిపాదనలో ఆ వాక్యం ఉంటే చదివేవారికి వెంటనే వచ్చే అనుమానం ‘నేర్చుకుని వెళ్లిపోతాడు’ అన్నది. అనలైజర్ వాడటం వచ్చిన మనిషి ఇప్పటికే ఒకరు మానేశారు కాబట్టి మీ ప్లాంటులో ఆ అనుమానం మరీ బలంగా ఉంటుంది. దాన్ని పక్కకు తోయకండి, మీరే ముందుగా ఎత్తండి. ఒక హామీ రాసి ఇవ్వండి, కానీ అది కొలిచి రాసినదై ఉండాలి. 84,800 వెనక్కు రావడానికి 13 నెలలు పడుతుంది, ఇంకో మూడు నెలలు కలిపి 16 నెలల హామీ ఇవ్వండి. నెలకు 5,300 చొప్పున మీ బాధ్యత తగ్గుతూ పోతుంది. పది నెలలు పనిచేసి మానేస్తే మిగిలిన ఆరు నెలలకు 31,800 కడతారు. పదహారు నెలలు నిండితే ఏమీ ఉండదు.

మీరే ఇలా రాసి ఇస్తే, హెచ్‌ఆర్ తన పాత నమూనా తీసి ‘మూడేళ్లు పనిచేయాలి, లేకపోతే రెండు లక్షలు’ అని ముందు పెట్టే అవకాశం తగ్గుతుంది. ఇలాంటి బాండ్లు చెల్లవని చాలామంది అంటుంటారు, దాన్ని నమ్ముకోకండి. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు మానేసిన ఉద్యోగి రెండు లక్షలు కట్టాలన్న షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ కేసు శిక్షణ గురించి కాదు, నియామకం గురించి. కానీ గడువు ముందు మానేస్తే డబ్బు కట్టాలన్న షరతు దానంతటదే చెల్లకుండా పోదని దాని నుంచి అర్థం చేసుకోవాలి. భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసిన మొత్తాన్ని మించకుండా, సమంజసమైన పరిహారమే రాబట్టగలరు. అందుకే అసలు ఖర్చుకు సమానమైన, నెలనెలా తగ్గే మొత్తం ఇద్దరికీ క్షేమం. సంతకం చేసే ముందు ఆ అంకె తగ్గుతుందా లేదా అన్నది తప్పక చూసుకోండి.

ఇప్పుడు ప్రతిపాదన. మీ కార్యాలయంలో ఇంగ్లీషులోనే ఇవ్వాల్సి వస్తే ఇదే క్రమంలో ఇంగ్లీషులో రాయండి. ఒక పేజీ దాటకూడదు.

“మేనేజర్, మెకానికల్ విభాగం గారికి,

విషయం: వైబ్రేషన్ అనాలిసిస్ కేటగిరీ 2 శిక్షణకు రూ. 95,960 మంజూరు, ఏజెన్సీ ఒప్పందంలో ఒక మార్పు – ఫిబ్రవరి 15 లోపు నిర్ణయం కోరుతూ

గత 12 నెలల్లో వైబ్రేషన్ కొలతల కోసం బయటి ఏజెన్సీకి ఆరు రాకలకు రూ. 2,28,000 (పన్ను కాకుండా) చెల్లించాం. మన సొంత అనలైజర్, దాన్ని వాడే ఇంజనీరు మానేసినప్పటి నుంచి వాడకంలో లేదు. నాకు కేటగిరీ 2 శిక్షణ ఇప్పిస్తే ఆ పరికరంతో నెలనెలా కొలతలు మనమే తీసుకుని, ఏజెన్సీ రాకలను ఏడాదికి ఆరు నుంచి రెండుకు తగ్గించవచ్చు.

నవంబరులో ప్రీహీటర్ ఫ్యాన్ బేరింగ్ విఫలమై కిల్న్ 14 గంటలు ఆగింది. అంతకు ముందు నాలుగు వారాల పెన్ కొలతలు 2.8 నుంచి 3.4 మధ్య, అలారం హద్దు 7.1కి చాలా దిగువన ఉన్నాయి. బేరింగ్ దోషాలు తొలి దశలో ఈ కొలతలో కనిపించవు, అనలైజర్ స్పెక్ట్రమ్‌లో కనిపించే అవకాశం ఉంటుంది. వర్క్ ఆర్డర్, కొలతల నకళ్లు జతచేశాను.

శిక్షణ జూన్ మూడో వారంలో ఐదు రోజులు, చెన్నైలో. ఖర్చు: ఫీజు 62,000, జీఎస్టీ 11,160, ప్రయాణం, బస, భోజనం 22,800. జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తుంది కాబట్టి నికర ఖర్చు రూ. 84,800. కంపెనీ పేరుతో ప్రొఫార్మా ఇన్‌వాయిస్ జతచేశాను.

ఏడాదికి నాలుగు రాకలు తగ్గితే 1,52,000, అనలైజర్ కాలిబ్రేషన్‌కు 35,000 పోను, మిగిలేది రూ. 1,17,000. జులై నుంచి అక్టోబరు వరకు ఏజెన్సీతో పాటు నేనూ కొలతలు తీసి, రెండు నివేదికలను పోల్చి మీకు ఇస్తాను. అవి సరిపోలితేనే నవంబరు నుంచి రాకలు తగ్గించవచ్చు. ఆ లెక్కన శిక్షణ ముగిసిన 13 నెలలకు ఖర్చు వెనక్కు వస్తుంది. బ్రేక్‌డౌన్ల తగ్గుదలను ఇందులో లెక్కించలేదు.

ఇందుకోసం ఏప్రిల్‌లో రాసుకునే ఏజెన్సీ ఒప్పందంలో, నెల ముందు నోటీసుతో రాకలు తగ్గించుకునే వీలు ఉంచాలని కోరుతున్నాను.

శిక్షణ జరిగే వారంలో షట్‌డౌన్ లేదు. ఆ ఐదు రోజులు నా లైన్‌ను బి షిఫ్ట్ ఇంజనీరు చూసుకోవడానికి అంగీకరించారు. పరీక్షలో ఉత్తీర్ణుడిని కాకపోతే మళ్లీ రాయడానికి అయ్యే ఫీజు నేనే భరిస్తాను. శిక్షణ తర్వాత 16 నెలలలోపు నేను రాజీనామా చేస్తే, మిగిలిన ప్రతి నెలకు రూ. 5,300 చొప్పున చెల్లించడానికి సమ్మతిస్తున్నాను. మొదటి ఆరు నెలల్లో ఇద్దరు టెక్నీషియన్లకు నిర్ణయించిన చోట్ల కొలతలు తీయడం నేర్పిస్తాను.

మీ ఆమోదం కోరుతూ,”

మీ సందేశంలో ఉన్న సమాచారం దాదాపు అంతా ఇందులో ఉంది. మారింది క్రమం. మీరు కోర్సుతో మొదలుపెట్టారు, ఇది ఇప్పటికే బయటికి వెళుతున్న డబ్బుతో మొదలవుతుంది. ‘చాలా మంచి కోర్సు’ అన్న మాట పోయింది. ‘ప్లాంటుకు కూడా మంచిది’ అన్న చోట నాలుగు రాకలు వచ్చాయి. ‘స్పాన్సర్ చేస్తే బాగుంటుంది’ అన్న చోట ఒక మొత్తం, ఒక తేదీ వచ్చాయి. ఆ తేదీ లేకపోతే ‘చూద్దాం’కు అంతు ఉండదు. ఫిబ్రవరి 15 ఎందుకంటే ఆ తర్వాత బడ్జెట్ మూసేస్తారు. మీ ప్లాంటులో ఆ రోజు వేరైతే అదే వేయండి, ఊరికే ఒక తేదీ పెట్టవద్దు.

బి షిఫ్ట్ ఇంజనీరు అంగీకరించారని రాసే ముందు ఆయనను నిజంగానే అడగండి. మీ మేనేజర్ మొదట ఫోను చేసేది ఆయనకే. ‘నాకు తెలియదే’ అని ఆయన అన్నారంటే కాగితం అక్కడే ఆగుతుంది. టెక్నీషియన్లకు నేర్పిస్తానన్న వాక్యాన్ని కూడా చిన్నదని వదలకండి. పోయినసారి విద్య ఒక్కరి దగ్గరే ఉండి, ఆయనతో పాటే వెళ్లిపోయింది. ఆ గాయం మీ ప్లాంట్ హెడ్‌కు గుర్తుండే ఉంటుంది.

రాయకూడనివి రెండు. మరో విభాగంలో ఫలానా వారిని పంపారు కాబట్టి నన్నూ పంపాలి అని రాయకండి. ఆ పోలిక మీ మేనేజర్‌ను ఇరుకున పెడుతుంది, ఆయన దాన్ని పైకి పంపలేరు. బయట ఈ సర్టిఫికెట్ ఉన్నవారికి జీతం ఎంత ఇస్తున్నారో అసలే రాయకండి. బెదిరింపుగా వినిపిస్తుంది.

‘ఫీజు కంపెనీ పెట్టుకుంటే ప్రయాణం, బస నేను చూసుకుంటాను’ అన్న మాట మీ మనసులో ఉండవచ్చు. మంచి ఆలోచనే, కానీ మొదటి కాగితంలో రాయవద్దు. రాస్తే అదే తీసుకుంటారు, ఎవరైనా అంతే. దాన్ని దాచి ఉంచండి. ‘ఈసారి డబ్బు లేదు’ అని నిజంగా చెప్పినప్పుడు, 22,800 మీరు పెట్టుకుని ఐదు రోజులను డ్యూటీగా లెక్కించమని అడగండి. అప్పుడు కంపెనీ మీద పడేది 62,000 మాత్రమే. బాండ్ మొత్తాన్ని కూడా 62,000 మీదే లెక్కించమనండి. ఈ రెండో మాట అడగడం చాలామంది మరచిపోతారు.

కాగితాన్ని మెయిల్‌లో పంపి ఊరుకోకండి. కిల్న్ సజావుగా నడుస్తున్న రోజు చూసి, ఉదయం సమీక్ష ముగిశాక పది నిమిషాలు అడగండి. ప్రింటు తీసిన ఒక పేజీ, జతపరిచిన మూడు నకళ్లు ఆయన చేతికి ఇచ్చి, నవంబరు కొలతల కాగితాన్ని పైన ఉంచండి. ఆయన చదువుతున్నంతసేపు మీరు మాట్లాడకండి. ఏదైనా అంకె దగ్గర ఆగితే అది ఏ బిల్లులోంచి తీశారో చూపించండి. అదే రోజు సాయంత్రం సాఫ్ట్ కాపీని మెయిల్ చేయండి, ఎక్సెల్ ఫైలు కూడా జతచేయండి, ఆయన అంకెలు మార్చి చూసుకోగలిగేలా. నేను ఆ కుర్చీలో ఉన్నప్పుడు ఎక్సెల్ వచ్చిన ప్రతిపాదనల్లో ఏదో ఒక అంకె నేనే మార్చేవాడిని, ఎక్కువగా తగ్గించి. మార్చాక అది నా లెక్క అయ్యేది, పైవాళ్ల ముందు దాన్ని నేనే నిలబెట్టేవాడిని.

ఆయన ‘పైకి పంపాను’ అన్నాక వారానికోసారి గుర్తుచేయవద్దు. మీరు రాసిన తేదీకి ఐదు రోజుల ముందు ఒక్కసారి, “సార్, ఏజెన్సీ ఒప్పందం కొత్తగా రాసే ముందు దీని మీద మాట వస్తే పర్చేజ్ వారికి చెప్పగలను” అని అడగండి. ఒప్పందం గడువు దగ్గరపడుతోందని ఆయనకు తెలుసు. కాబట్టి అది కోర్సు గురించి చేసిన ఒత్తిడిలా ఉండదు, పర్చేజ్ పని గుర్తుచేసినట్టు ఉంటుంది.

కాదన్నారంటే కారణాన్ని ఒక్క వాక్యంలో రాసి ఇవ్వమని అడగండి. డబ్బు లేదా, సమయం కుదరదా, మీ మీద ఇంకా నమ్మకం లేదా, ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉంటుంది. డబ్బయితే పైన చెప్పిన రెండో దారి. సమయమైతే షట్‌డౌన్ ముగిసిన తర్వాత జరిగే బ్యాచ్ వివరాలు తీసుకుని అదే కాగితం తేదీలు మార్చి ఇవ్వండి. నమ్మకం విషయమైతే కోర్సు కోసం ఆగకండి. అల్మారాలో ఉన్న ఆ అనలైజర్‌ను బయటకు తీసి, ఏజెన్సీ ఇంజనీరు వచ్చిన రోజు ఆయన వెంట నడిచి, ఆయన కొలిచిన చోటే మీరూ కొలిచి, రెండు స్పెక్ట్రమ్‌లను పక్కపక్కన ప్రింటు తీసి ఫైలు చేయడం మొదలుపెట్టండి. అలాంటి రెండు మూడు రాకల ప్రింట్లు జతచేసి ఆరు నెలల తర్వాత మళ్లీ ఇస్తే, ఆ కాగితం మొదటిదానికన్నా చాలా బరువుగా ఉంటుంది.